స్కానింగు కాగితంలో రెండు తేదీలు

గర్భిణీ స్త్రీకి స్కానింగు చేయించి ఇంటికి వచ్చాక, ఆ కాగితాన్ని చదవని వారుండరు. భర్త చదువుతాడు, అత్తగారు చదివించుకుంటుంది, ఊరి నుంచి వచ్చిన బావమరిది సెల్‌ఫోనులో ఫొటో తీసి బెంగుళూరులో ఉన్న అన్నకు, కువైట్‌లో ఉన్న తమ్ముడికి పంపుతాడు. అందులోని అంకెలు, పొడి అక్షరాలు ఎవరికీ పూర్తిగా అర్థం కావు. అర్థం కాని చోట ఊహ మొదలవుతుంది. ఆ ఊహల్లో కొన్ని నవ్వుకోదగ్గవి, కొన్ని ప్రమాదకరమైనవి.

మా ఎర్రగుంట్ల ఆసుపత్రికి అలాంటి ఫొటోలు పట్టుకుని వచ్చేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మొదటి స్కానింగులో కాన్పు తేదీ ఒకటి రాసినారు, ఇప్పుడు ఇంకొకటి వచ్చింది. ఏది నిజం?" ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు. ఆ జవాబు తెలిస్తే కాగితంలోని మిగిలిన కొలతలు వాటంతటవే బోధపడతాయి.

మీ దగ్గర స్కానింగు కాగితం ఉంటే పక్కన పెట్టుకుని చదవండి.

ఇచ్చేవి రెండు కాగితాలు

స్కానింగు సెంటరు వారు సాధారణంగా రెండు రకాల కాగితాలు ఇస్తారు. ఒకటి నల్లగా, నిగనిగలాడే చిన్న ముక్క. అందులో బిడ్డ బొమ్మ, బొమ్మ మీద చిన్న కూడిక గుర్తులు, వాటి మధ్య చుక్కల గీత ఉంటాయి. ఇది యంత్రం అచ్చు వేసినది. రెండవది తెల్ల కాగితం మీద టైపు చేసి డాక్టరు సంతకం పెట్టిన రిపోర్టు. బొమ్మ కంటే రిపోర్టు ముఖ్యం. కానీ ఇళ్లలో జరిగేది దీనికి వ్యతిరేకం. బొమ్మను భద్రంగా దాచుకుని రిపోర్టును పారేసేవారు చాలామంది ఉన్నారు.

నల్లటి ముక్క వేడికి రంగు మారే కాగితం. ఏడాది రెండేళ్లలో దానంతటదే వెలిసిపోతుంది. పదిలంగా ఉంటుందని లామినేషను చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లబడి బొమ్మ మాయమవుతుంది. అందుచేత ఫొటో తీసి పెట్టుకోవడం మంచి అలవాటే. అయితే ఫొటో తీసేటప్పుడు చాలామంది బిడ్డ ముఖం కనబడేట్టు మధ్య భాగాన్ని మాత్రం తీస్తారు. వైద్యునికి కావలసినది పై వరుస. తల్లి పేరు, స్కానింగు జరిగిన తేదీ, LMP, GA అనే అక్షరాలు అక్కడే ఉంటాయి. పై వరుస లేని ఫొటో చిరునామా లేని ఉత్తరం వంటిది.

బొమ్మ అంచున MI, TIs, Gn, FR అని కూడా కనబడతాయి. ఇవి యంత్రం అమరికలు. ధ్వని ఎంత జోరుగా పంపారు, బొమ్మను ఎంత వెలుగుగా చూపారు అన్న సంగతులే గాని బిడ్డకు సంబంధించినవి కావు. MI అంటే మగబిడ్డ అనీ, Gn లోని మొదటి అక్షరం ఆడబిడ్డకు గుర్తనీ ఊహించి స్వీట్లు పంచినవారూ ఉన్నారు, ముఖం మాడ్చుకున్నవారూ ఉన్నారు. ఆ సంగతి కాగితంలో ఏ మూలా ఉండదు. గర్భంలోని బిడ్డ ఆడో మగో చెప్పడాన్నీ, చెప్పమని అడగడాన్నీ 1994 నాటి చట్టం నేరంగా నిర్ణయించింది. చెప్పినవారికే కాదు, చెప్పించుకున్న కుటుంబం వారికీ జైలు శిక్ష ఉంది. కనుక ఆ వెదుకులాట మానేసి, పనికివచ్చే అక్షరాల వైపు రండి.

లెక్క ఎక్కడ మొదలవుతుంది?

LMP అంటే ఆఖరుసారి బహిష్టు మొదలైన రోజు. ఆగిపోయిన రోజు కాదు, మొదలైన రోజు. గర్భం వయస్సును వైద్యులు ఆ రోజు నుంచే లెక్కిస్తారు. నిజానికి గర్భం నిలిచేది ఆ తర్వాత సుమారు రెండు వారాలకు. కాని ఆ రోజు ఎవరికీ ఖచ్చితంగా తెలియదు, బహిష్టు రోజు తెలుస్తుంది. అందుకే ఈ ఏర్పాటు. "పెళ్లయి పది వారాలే అయింది, పన్నెండు వారాల గర్భమని రాశారేమిటి?" అని కొందరు భర్తలు ముఖం చిట్లించుకుంటారు. ఆ రెండు వారాలు లెక్కలోనివే. ఇంట్లో అనుమానాలకు తావివ్వవలసిన పని లేదు.

GA అంటే గర్భం వయస్సు. దాని పక్కన 12w0d అని ఉంటే పన్నెండు వారాలు నిండాయని అర్థం. 32w6d అంటే ముప్ఫై రెండు వారాల ఆరు రోజులు. EDD అంటే కాన్పు కాగలదని అంచనా వేసిన తేదీ. బహిష్టు మొదలైన రోజుకు 280 రోజులు, అంటే 40 వారాలు కలిపితే ఆ తేదీ వస్తుంది. మీరు ఇంట్లోనే కట్టుకోవచ్చు. ఆ తేదీకి తొమ్మిది నెలలు కలిపి, మరో ఏడు రోజులు కలపండి. ఉదాహరణకు జనవరి 10న బహిష్టు అయితే అక్టోబరు 17 కాన్పు తేదీ. మన పెద్దవాళ్లు నవమాసాలు అంటూ వచ్చిన లెక్కకూ దీనికీ తేడా కొద్ది రోజులే.

ఆ తేదీనాడే కాన్పు అయ్యేవారు కొద్దిమంది. 37 వారాలు నిండిన తర్వాత, అటూ ఇటూగా ఎప్పుడైనా కావచ్చు. మరి ఆ తేదీ దేనికి? బిడ్డ ఏ వారానికి ఎంత ఎదగాలో చూడడానికి అది గీటురాయి. తేదీ తప్పితే ఎదుగుదల లెక్కంతా తప్పుతుంది.

యంత్రానికి వయస్సు తెలియదు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. స్కానింగు యంత్రానికి బిడ్డ వయస్సు తెలియదు. దానికి తెలిసినది కొలత మాత్రమే. బిడ్డను కొలిచి, "ఇంత కొలత సామాన్యంగా ఇన్ని వారాల బిడ్డకు ఉంటుంది" అని ఒక పట్టికలో చూసి చెబుతుంది.

దర్జీ దగ్గరికి మీ అబ్బాయి చొక్కా ఒకటి పంపించారనుకోండి. అబ్బాయిని ఎన్నడూ చూడని దర్జీ టేపు పెట్టి కొలిచి, "ఇది ఎనిమిదేళ్ల పిల్లవాడి కొలత" అంటాడు. మీ అబ్బాయికి పదేళ్లు నిండి ఉండవచ్చు, సన్నగా ఉన్నాడంతే. దర్జీ మాట విని అబ్బాయి పుట్టిన తేదీని మార్చి రాసుకోరు గదా? "పదేళ్లవాడు ఎనిమిదేళ్లవాడిలా ఉన్నాడేమిటి, సరిగా తింటున్నాడా?" అని ఆలోచిస్తారు. స్కానింగులోనూ అంతే.

అయితే బిడ్డ మరీ చిన్నదిగా ఉన్న తొలి నెలల్లో మాత్రం దర్జీ మాట దాదాపు నిజమే. మొదటి మూడు నెలల్లో గర్భస్థ శిశువులందరూ ఇంచుమించు ఒకే వేగంతో పెరుగుతారు. పొడగరి తల్లి బిడ్డ అయినా, పొట్టి తల్లి బిడ్డ అయినా తేడా బహు స్వల్పం. అప్పుడు తల మాడు నుంచి పిరుదుల వరకు ఉన్న పొడవును కొలుస్తారు. కాగితంలో అది CRL. ఈ కొలతతో వయస్సు చెప్పవచ్చునని 1973లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో హ్యూ రాబిన్సన్ అనే వైద్యుడు ప్రకటించాడు. CRL 54 మిల్లీమీటర్లు ఉంటే సుమారు 12 వారాలు. ఈ అంచనాలో పొరపాటు అయిదు నుంచి ఏడు రోజులకు మించదు.

నెలలు పెరిగేకొద్దీ బిడ్డల మధ్య తేడాలు బయలుదేరతాయి. వంశాన్ని బట్టి, తల్లి ఆహారాన్ని, ఆరోగ్యాన్ని బట్టి ఒకరు బొద్దుగా, ఒకరు సన్నగా తయారవుతారు. ఎనిమిదో నెలలో కొలతను చూసి వయస్సు చెబితే అటు మూడు వారాలు, ఇటు మూడు వారాలు తప్పు పోవచ్చు. కనుక నియమం ఇది. కాన్పు తేదీని మొదటి మూడు నెలల స్కానింగుతో ఒక్కసారి స్థిరం చేయాలి. ఆ తర్వాత ఎన్ని స్కానింగులు చేసినా, యంత్రం ఏ తేదీ చూపినా, స్థిరపడిన తేదీని మార్చకూడదు.

తొమ్మిది నుంచి పదమూడు వారాల మధ్య చేసిన స్కానింగుకూ, బహిష్టు లెక్కకూ తేడా ఏడు రోజుల లోపు ఉంటే బహిష్టు లెక్కనే ఉంచుతారు. ఏడు రోజులు మించితే స్కానింగు తేదీని తీసుకుంటారు. బహిష్టు రెండు మూడు నెలలకోసారి వచ్చేవారికీ, తేదీ గుర్తులేనివారికీ ఈ మొదటి స్కానింగే ఆధారం.

నాలుగు కొలతలు

అయిదో నెల దాటిన తర్వాత కాగితంలో నాలుగు వరుసలు కనబడతాయి. BPD అంటే తల వెడల్పు, ఒక చెవి పైభాగం నుంచి రెండో చెవి పైభాగం వరకు. HC అంటే తల చుట్టుకొలత. AC అంటే పొట్ట చుట్టుకొలత. FL అంటే తొడ ఎముక పొడవు. ఇవి ఒక యంత్రంలో సెంటీమీటర్లలోనూ, మరొక యంత్రంలో మిల్లీమీటర్లలోనూ ఉంటాయి. 8.3 అన్నా, 83 అన్నా ఒకటే. రెండు కాగితాలను పోల్చేటప్పుడు దీన్ని చూసుకోండి.

ప్రతి కొలత ఎదురుగా యంత్రం ఒక వయస్సు వేస్తుంది. పక్కన Hadlock అనే పేరు చాలా కాగితాల్లో ఉంటుంది. అది జబ్బు పేరు కాదు. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 1980లలో ఈ పట్టికలు తయారు చేసిన డాక్టరు ఫ్రాంక్ హ్యాడ్‌లాక్ పేరు.

చివరగా EFW. ఈ నాలుగు కొలతలను ఒక సూత్రంలో వేసి యంత్రం కట్టిన బరువు. ఎవరూ బిడ్డను తక్కెడలో వేయలేదు. అందుకే దాని పక్కన ± గుర్తుతో మరో అంకె వేస్తారు. నూటికి పదిహేను వంతులు అటూ ఇటూ ఉండవచ్చునని దాని భావం. రెండు కిలోలని రాస్తే 1,700 గ్రాములూ కావచ్చు, 2,300 గ్రాములూ కావచ్చు. కనుక రెండు స్కానింగు సెంటర్లలో బరువులు నూరు గ్రాములు తేడా వచ్చాయని గాభరా పడనక్కరలేదు.

ఒక కాగితం చదువుదాం

2023లో మా దగ్గరకు వచ్చిన ఒక కేసు చెబుతాను. ఆమె ఎర్రగుంట్ల కోడలు. భర్త సిమెంటు ఫ్యాక్టరీలో పని. తొలి చూలు. సంక్రాంతికి అయిదు రోజుల ముందు, జనవరి 10న బహిష్టు అయినట్టు ఆమెకు బాగా గుర్తు. ఏప్రిల్ 4న ప్రొద్దుటూరులో మొదటి స్కానింగు చేయించారు. CRL 54 మిల్లీమీటర్లు, 12w0d అని వచ్చింది. బహిష్టు లెక్క ప్రకారం కూడా ఆ రోజుకు సరిగ్గా పన్నెండు వారాలే. రెండూ కలిశాయి. కాన్పు తేదీ అక్టోబరు 17 అని స్థిరపడింది.

ఏడో నెల దాటాక ఆమె పుట్టింటికి, బనగానపల్లె వైపు వెళ్లింది. నంద్యాల రైలెక్కితే దగ్గరే. వెళ్లేటప్పుడు చీరలు, మందులు అన్నీ సర్దుకుంది గాని మొదటి స్కానింగు కాగితం అత్తగారింట్లో బీరువాలోనే ఉండిపోయింది. సెప్టెంబరు 5న అక్కడ ఒక స్కానింగు సెంటరులో పరీక్ష చేశారు. పాత కాగితం అడిగితే లేదన్నారు. బహిష్టు తేదీ వారూ అడగలేదు, వీరూ చెప్పలేదు. LMP ఉండవలసిన చోట ఖాళీ. మిగతా వరుసలు ఇవి:

```
BPD   83 mm    33w3d
HC   303 mm    33w5d
AC   270 mm    31w1d
FL    64 mm    33w0d
GA  (avg)      32w6d
EDD            25-10
EFW  1912 g ± 279 g
```

అదే సాయంత్రం ఆమె భర్త ఫోనులో ఈ ఫొటో వచ్చింది. మర్నాడు నా దగ్గరకు వచ్చి, "సార్, కాన్పు ఎనిమిది దినాలు ఎనక్కిపోయింది. ఇరవై అయిదో తేదీ అంట. బరువు కూడా బాగానే ఉందన్నారు. అప్పటికి లీవు పెట్టుకుంటే సరిపోతుంది గదా?" అన్నాడు. అతని వెంట వచ్చిన తల్లి, "తొలి కాన్పు లేటు కావడం మామూలే గదా నాయనా" అంది.

ఇప్పుడు మనం కలిసి చదువుదాం. మొదట చేయవలసినది కాగితంలోని వయస్సును పక్కన పెట్టి, స్థిరపడిన తేదీతో లెక్క కట్టడం. జనవరి 10 నుంచి సెప్టెంబరు 5 వరకు 238 రోజులు. ఏడుతో భాగిస్తే సరిగ్గా 34 వారాలు. యంత్రం చెప్పిన 32w6d ఎక్కడి నుంచి వచ్చింది? బహిష్టు తేదీ ఇవ్వలేదు గనుక యంత్రం నాలుగు కొలతల వయస్సులనూ సగటు కట్టి, అదే గర్భం వయస్సు అనుకుంది. ఆ సగటు నుంచే అక్టోబరు 25 వచ్చింది. అంటే కాన్పు వెనక్కి పోలేదు. ఎనిమిది రోజుల వెనుకబాటు తేదీది కాదు, బిడ్డ ఎదుగుదలది.

రెండోది, నాలుగు వరుసలను విడివిడిగా చూడాలి. తల కొలతలు రెండూ 34 వారాలకు దగ్గరగానే ఉన్నాయి. తొడ ఎముక ఒక వారం తక్కువ, అది పట్టించుకోదగ్గ తేడా కాదు. పొట్ట చుట్టుకొలత మాత్రం దాదాపు మూడు వారాలు వెనుకబడింది. ఇదే ఆ కాగితంలోని అసలు కబురు. సగటు కట్టినప్పుడు అది మిగిలిన మూడింటిలో కలిసి మరుగున పడిపోయింది.

పొట్ట ఎందుకు ముందు తగ్గుతుంది? బిడ్డ పొట్టలో ఎక్కువ చోటు ఆక్రమించేది కాలేయం. తల్లి నుంచి మావి ద్వారా వచ్చే ఆహారంలో మిగులును బిడ్డ అక్కడే నిల్వ చేసుకుంటుంది. మన సీమలో కరువు వచ్చినప్పుడు ఇంట్లో ముందు ఖాళీ అయ్యేది గాదె. గోడలూ, దూలాలూ అలాగే ఉంటాయి. గర్భంలోనూ మావి సరిగా పనిచేయక ఆహారం తగ్గితే, బిడ్డ ఉన్న రక్తాన్ని మెదడుకు ఎక్కువగా మళ్లించుకుని, కాలేయంలోని నిల్వను ఖర్చు చేసుకుంటుంది. తల పెరుగుతూనే ఉంటుంది, పొట్ట చిక్కుతుంది.

మూడోది బరువు. 1912 గ్రాములు మంచి బరువేనా? ఎన్ని వారాలకు అన్నది చూడాలి. 32 వారాల 6 రోజుల బిడ్డ అయితే, అదే వయస్సు గల నూరుమంది బిడ్డలను బరువు వరుసలో నిలబెట్టినప్పుడు కింది నుంచి ఇరవై ఒకటో చోట ఉంటుంది. అది సామాన్యమే. 34 వారాల బిడ్డ అయితే ఆరో చోట ఉంటుంది. కింది పది మందిలో ఉన్న బిడ్డను చిన్న బిడ్డగా లెక్కించి జాగ్రత్తగా గమనించాలి. బరువు మారలేదు, బిడ్డ మారలేదు. వయస్సు తప్పు పడినందువల్ల "చూడవలసిన బిడ్డ" కాస్తా "బాగున్న బిడ్డ" అయి కూర్చుంది.

తర్వాత ఏమైంది?

చిన్న బిడ్డలందరూ జబ్బు బిడ్డలు కారు. తల్లి తండ్రి చిన్న శరీరం గలవారైతే బిడ్డ చిన్నగా ఉండి కూడా ఆరోగ్యంగా ఉండవచ్చు. ఈ రెంటినీ విడదీసేది డాప్లరు పరీక్ష. అదే యంత్రంతో బొడ్డుతాడులోని రక్తం పారుదలను చూస్తారు. గుండె కొట్టుకున్నప్పుడే గాక, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య కూడా రక్తం మావి వైపు సాగుతూ ఉండాలి. మావిలో అడ్డు పెరిగేకొద్దీ ఆ మధ్య పారుదల సన్నగిల్లుతుంది. పూర్తిగా ఆగిపోవడం, వెనక్కు తిరగడం తీవ్రమైన ప్రమాద చిహ్నాలు.

ఆమెను వెంటనే రప్పించి కడప సర్వజన ఆసుపత్రికి పంపాను. డాప్లరులో పారుదల తగ్గింది గాని ఆగిపోలేదు. రక్తపోటు మామూలుగా ఉంది. హిమోగ్లోబిన్ 8.6 మాత్రమే. దానికి సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కించారు. రక్తం పెరిగినంత మాత్రాన మావి బాగుపడదు, కాని కాన్పులో రక్తం పోయినా తట్టుకునే శక్తి తల్లికి వస్తుంది. ఆ తర్వాత వారం వారం డాప్లరు చూశారు, వారానికి రెండుసార్లు బిడ్డ గుండె చప్పుడు నమోదు చేశారు. రెండు వారాల తర్వాత మళ్లీ కొలిస్తే పొట్ట ఒక సెంటీమీటరే పెరిగింది. ఆ నెలల్లో రెండు వారాలకు సుమారు రెండు సెంటీమీటర్లు పెరగాలి.

ఇలాంటి బిడ్డను 37 వారాలు నిండేవరకు లోపల ఉంచి, ఆ తర్వాత ఆలస్యం చేయకుండా కాన్పు చేస్తారు. ముందు తీస్తే ఊపిరితిత్తులు పచ్చిగా ఉంటాయి, ఆలస్యం చేస్తే బిడ్డ లోపలే చనిపోయే ప్రమాదముంది. స్థిరపడిన తేదీ ప్రకారం 37 వారాలు సెప్టెంబరు 26న నిండాయి. ఆ రోజు నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. బిడ్డ బరువు 2,180 గ్రాములు. రెండు రోజులు చక్కెర తగ్గకుండా కనిపెట్టి, తల్లిపాలు పట్టించి ఇంటికి పంపారు. నంద్యాల కాగితంలోని తేదీని నమ్మి ఉంటే 37 వారాలు అక్టోబరు 4న గాని నిండేవి కావు. అసలు డాప్లరు చూడవలసిన అవసరమే ఎవరికీ తోచి ఉండేది కాదు.

మొదటి స్కానింగు లేనివారు

మొదటి మూడు నెలల్లో స్కానింగు చేయించుకోక, బహిష్టు తేదీ కూడా గుర్తులేక, ఏడో నెలలో మొదటిసారి వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. వారి విషయంలో ఒక్క కాగితంతో తేల్చి చెప్పడం సాధ్యం కాదు. బిడ్డ వయస్సు 31 వారాలు అయి బాగా పెరుగుతూ ఉండవచ్చు, 34 వారాలు అయి చిక్కి ఉండవచ్చు. రెండూ ఒకే అంకెలు చూపుతాయి. అప్పుడు రెండు మూడు వారాలు ఆగి మళ్లీ కొలవడమే మార్గం. కొలతలు కాలంతో పాటు పెరిగితే బిడ్డ బాగున్నట్టు. వారం తిరక్కుండానే మళ్లీ కొలిపిస్తే ప్రయోజనం లేదు. ఆ కొద్ది రోజుల పెరుగుదల కంటే కొలవడంలో వచ్చే తేడాయే ఎక్కువ.

తేదీ గుర్తు లేదనేవారు కాస్త ఆలోచిస్తే దొరకకపోదు. ఉగాదికి ముందా తర్వాతా, ఊళ్లో తిరునాళ్లకు తలస్నానం చేశానా లేదా, చెల్లెలి పెళ్లికి గుడిలోకి వెళ్లానా ఆగిపోయానా అని గుర్తు చేసుకోండి. పండుగ చెబితే పంచాంగం చూసి తేదీ మేము కట్టుకుంటాం.

మీరు చేయవలసినది

మొదటి స్కానింగు కాగితాన్ని తల్లి-బిడ్డ రక్షణ కార్డుతో కలిపి ఒకే సంచిలో ఉంచండి. పుట్టింటికి వెళ్లినా, అత్తింటికి వచ్చినా ఆ సంచి గర్భిణి వెంటే కదలాలి. కార్డు మీద బహిష్టు తేదీ, స్థిరపడిన కాన్పు తేదీ పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ప్రతి స్కానింగుకు ముందు ఆ రెంటినీ స్కానింగు డాక్టరుకు మీరే చెప్పండి, అడిగేదాకా ఆగవద్దు.

ఫొటో పంపేటప్పుడు పై వరుస, తేదీ కనబడేట్టు కాగితమంతా తీయండి. టైపు చేసిన రిపోర్టు ఫొటో కూడా పంపండి. ఒక్క కాగితం కాకుండా మొదటిదీ, తాజాదీ కలిపి పంపండి.

కాగితం చేతికి రాగానే స్థిరపడిన తేదీతో వారాలు లెక్క కట్టి, AC ఎదురుగా ఉన్న వయస్సుతో పోల్చి చూడండి. వారం తేడా ఉంటే కలతపడకండి. రెండు వారాలు దాటి వెనుకబడి ఉంటే, "తేదీ మారిందా?" అని కాకుండా "బిడ్డ ఎదుగుదల తగ్గిందా, డాప్లరు చూడాలా?" అని మీ డాక్టరును అడగండి. ఆ పోలిక కాగితంలో అచ్చయి రాకపోవచ్చు. అది రెండు కాగితాలను పక్కపక్కన పెడితేనే కనబడుతుంది.

కాగితం ఎంత బాగున్నా, బిడ్డ కదలికలు తగ్గినట్టు తల్లికి తోస్తే, రక్తం గాని ఉమ్మనీరు గాని కనబడితే, తీవ్రమైన తలనొప్పితో కళ్లు మసకలు కమ్మితే తర్వాతి స్కానింగు తేదీ కోసం ఆగవద్దు. స్కానింగు చేసిన రోజున బిడ్డ ఎలా ఉన్నదీ కాగితం చెబుతుంది. ఈ రోజు ఎలా ఉన్నదీ తల్లికే తెలుస్తుంది.